జీతం పెంపు ఉత్తరంలో మాయమైన డి.ఎ. వరుస

(మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



సమాన వేతనం గురించీ కనీస వేతనం గురించీ మనం చాలా సభల్లో మాట్లాడుకున్నాం. ఈ రోజు అంత పెద్ద విషయం కాదు, ఒకే ఒక్క కాగితం గురించి మాట్లాడదల్చుకున్నాను. ఏడాదికోసారి యాజమాన్యం చేతిలో పెట్టే జీతం సవరణ ఉత్తరం గురించి. దాన్ని మన స్త్రీలు ఎలా చదువుతారో నేను చాలా చోట్ల గమనించాను. చిట్టచివరి వరుసలో ‘మొత్తం’ ఎంతో చూసి, పాత మొత్తం కంటే ఎంత పెరిగిందో లెక్కేసుకుని, మడిచి పర్సులో పెట్టుకుంటారు. తప్పు పట్టడానికి చెప్పడం లేదు. పన్నెండు గంటల డ్యూటీ దిగి బస్సు కోసం పరిగెత్తే మనిషి అంతకంటే ఏం చదువుతుంది? ఐతే ఆ ఉత్తరం రాసినవాళ్ళకి కూడా ఈ సంగతి బాగా తెలుసు. అందుకే చెప్పదల్చుకున్నదంతా చివరి వరుసలో పెడతారు, చెప్పదల్చుకోనిది పై వరుసల్లో సర్దుతారు.

నా దగ్గర ఒక ఉత్తరం ఉంది. హైదరాబాదులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేసే అమ్మాయిది. ఆమె పేరూ ఆసుపత్రి పేరూ మనకి అవసరం లేదు. 2018 ఏప్రిల్‌లో చేరింది. ఉత్తరం మీద తేదీ 2025 జులై 18. సవరణ అమల్లోకి వచ్చే తేదీ 2025 ఏప్రిల్ 1 అని ఉంది. పక్కపక్కనే రెండు నిలువు వరుసలు, ఒకటి పాతది, ఒకటి కొత్తది. కింద ‘పన్ను వివరణ’ అని ఒక పేరా. దీన్ని పై నుంచి కిందికి చదువుదాం. కాగితం, పెన్ను ఉన్నవాళ్ళు రాసుకోండి.

పాత జీతంలో మూలవేతనం, అంటే బేసిక్, 11,000. కరువు భత్యం, అదే డి.ఎ., 3,000. ఇంటి అద్దె భత్యం 4,400. రవాణా భత్యం 1,600. వైద్య భత్యం 1,250. స్పెషల్ అలవెన్స్ 750. అన్నీ కలిపితే 22,000.

కొత్త జీతంలో బేసిక్ 12,500. ఇంటి అద్దె భత్యం 5,000. రవాణా 2,000. యూనిఫాం భత్యం 1,000. స్పెషల్ అలవెన్స్ 4,500. మొత్తం 25,000.

మూడు వేల రూపాయలు పెరిగింది. బేసిక్ కూడా పదకొండు వేల నుంచి పన్నెండున్నర వేలకి పెరిగినట్టు కనబడుతోంది. ఆ అమ్మాయి సంతోషపడింది, వార్డులో స్వీట్లు కూడా పంచిందట. కానీ పాత కాలమ్‌లో బేసిక్ కింద ఉన్న డి.ఎ. వరుస కొత్త కాలమ్‌లో ఎక్కడా లేదు. గీత కొట్టి చూపించలేదు, ‘బేసిక్‌లో కలిపాం’ అని రాయలేదు, ఊరికే లేదు. పాత బేసిక్, డి.ఎ. కలిపితే 14,000. కొత్త కాలమ్‌లో ఆ రెండింటి స్థానంలో ఉన్నది 12,500. అంటే మొత్తం 3,000 పెరిగిన ఉత్తరంలో, అసలు జీతం అనదగ్గది 1,500 తగ్గింది. పెరిగిందంతా ఎక్కడికి వెళ్ళింది? ఎక్కువ భాగం స్పెషల్ అలవెన్స్‌లోకి. 750 ఉన్నది 4,500 అయ్యింది.

ఏ పేరుతో ఇస్తే ఏముంది, డబ్బు చేతికి వస్తోంది కదా అని మీరు అడగొచ్చు. నేను చెప్పదల్చుకున్నదంతా దీనికి జవాబే. ఒకే ఉత్తరంలో ఒకటి కాదు, నాలుగైదు జీతాలు ఉంటాయి. నెలాఖరుకి చేతికొచ్చేది ఒకటి. ప్రావిడెంట్ ఫండ్ లెక్కకి వచ్చేది ఇంకొకటి. ఉద్యోగం మానేసినప్పుడు గ్రాట్యుటీ లెక్కకి వచ్చేది మరొకటి. ప్రసూతి సెలవులో ఇచ్చేదానికి వేరే లెక్క. ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళు చూసేది వేరే. ఏ వరుస ఏ లెక్కలోకి వస్తుందో తెలియకపోతే ‘పెంపు’ అన్న మాటకి అర్థమే తెలియదు.

పి.ఎఫ్. నుంచి మొదలుపెడదాం. బేసిక్, డి.ఎ. కలిపిన దాంట్లో 12 శాతం మన జీతంలోంచి కోస్తారు, అంతే యాజమాన్యమూ కట్టాలి. పాత లెక్కలో 14,000కి 1,680. కొత్త లెక్కలో ఆసుపత్రి వాళ్ళు 12,500కే కట్టారు, అది 1,500. ఆమె వాటా నెలకి 180 తగ్గింది, యాజమాన్యం వాటా కూడా అంతే తగ్గింది. ఇంకో సంగతి చూడండి. ఆమెకి కోత తగ్గింది కాబట్టి చేతికొచ్చే డబ్బు మూడు వేలు కాదు, 3,180 పెరిగింది. నష్టం కూడా లాభంలాగే కనబడుతుంది. జీతం పెరిగిన నెలలోనే పి.ఎఫ్. తగ్గిందని ఎవరు అనుకుంటారు?

ఇది ఇలా చేయడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరిలోనే చెప్పింది. పశ్చిమ బెంగాల్‌లోని వివేకానంద విద్యామందిర్ అనే పాఠశాల కేసుతో పాటు కొన్ని కంపెనీల కేసులు కూడా కలిపి విన్నారు. ఒక భత్యాన్ని, ఎక్కువ పని చేశారనో ప్రత్యేకమైన ఖర్చు పెట్టారనో కాకుండా, అందరికీ మామూలుగా నెలనెలా ఇస్తూ ఉంటే, దానికి ఏ పేరు పెట్టినా సరే అది మూలవేతనంలో భాగమే, దాని మీదా పి.ఎఫ్. కట్టాల్సిందే అన్నది ఆ తీర్పు సారాంశం. ఇంటి అద్దె భత్యం మాత్రం చట్టమే మినహాయించింది కాబట్టి అది లెక్కలోకి రాదు. మన నర్సు స్పెషల్ అలవెన్స్ 4,500 ఆ ఆసుపత్రిలో నర్సులందరికీ వస్తోంది. దాన్ని బేసిక్‌కి కలిపితే 17,000. పి.ఎఫ్. తప్పనిసరి పరిమితి 2014 సెప్టెంబరు నుంచి 15,000. ఈ ఉత్తరం వచ్చిన 2025లోనూ అదే. కాబట్టి కనీసం 15,000 మీద, అంటే నెలకి 1,800 కట్టాలి. కడుతున్నది 1,500. యాజమాన్యం వైపు నుంచే ఏడాదికి 3,600 ఆమె ఖాతాలో పడటం లేదు. పింఛను కూడా ఈ లెక్క మీదే ఆధారపడుతుంది. అది చివరి 60 నెలల సగటు జీతాన్ని బట్టి లెక్కిస్తారు. 25 ఏళ్ళ పింఛను సర్వీసుకి 15,000 మీద నెలకి సుమారు 5,357 రావాల్సింది, 12,500 మీద ఐతే 4,464 వస్తుంది.

ఇది ఎలా కనిపెట్టాలి? ఉత్తరంలో కనబడదు. పి.ఎఫ్. పాస్‌బుక్‌లో కనబడుతుంది. అందులో కట్టిన మొత్తంతో పాటు, ఏ జీతం మీద కట్టారో కూడా నెలవారీగా ఉంటుంది. సవరణకి ముందు నెలదీ, తర్వాతి నెలదీ పక్కపక్కన పెట్టి చూడండి. జీతం పెరిగాక ఆ అంకె తగ్గితే, లేదా కదలకుండా అక్కడే ఉంటే, అడగాల్సిన విషయం ఉన్నట్టే.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని పక్కన పెట్టి పోలేను. ఒక సమావేశంలో ఈ లెక్క చెప్పినప్పుడు ఒకావిడ లేచి, ‘అక్కా, ఆ మూడు వందలు నాకు ఇప్పుడు చేతికొస్తే పాల చీటీ కట్టుకుంటాను, ముసలితనంలో వచ్చేది ఎవరు చూశారు’ అంది. ఆమె మాటలో న్యాయం ఉంది. పి.ఎఫ్. సరిగ్గా కడితే ఆమె వాటా కూడా పెరుగుతుంది, చేతికొచ్చేది తగ్గుతుంది. అది నిజం. ఐతే చేతికొచ్చిన డబ్బు ఇంట్లో ఎవరి చేతిలోకి వెళ్తుందో మనం అధ్యయనాలు చేసి తెలుసుకోనక్కర్లేదు. ఆమె పేరు మీదే ఉండి, ఆమె సంతకం లేకుండా కదలని డబ్బు చాలామంది స్త్రీలకి అదొక్కటే. పైగా ఆమె వాటా ఎంతో యాజమాన్యం వాటా కూడా అంతే. తన మూడు వందలు మిగుల్చుకోవడం కోసం ఇంకొకళ్ళు ఇవ్వాల్సిన మూడు వందలు వదులుకుంటోంది. ఈ సంగతి తెలిసి ఆమె నిర్ణయం తీసుకుంటే నాకు పేచీ లేదు. తెలియకుండా ఆమె తరఫున అకౌంట్స్ సెక్షన్ నిర్ణయం తీసుకోవడంతోనే నా పేచీ.

గ్రాట్యుటీ విషయం ఇంకా విచిత్రం. అది ఏ ఏడాదికి ఆ ఏడాది జీతం మీద కాదు, చిట్టచివరి జీతం మీద మొత్తం సర్వీసుకి లెక్కిస్తారు. చివరి నెల జీతాన్ని 15తో గుణించి, 26తో భాగించి, సర్వీసు ఏళ్ళతో గుణిస్తారు. పాత గ్రాట్యుటీ చట్టంలో జీతం అంటే బేసిక్, డి.ఎ. మాత్రమే. ఏడేళ్ళ సర్వీసుకి 14,000 మీద 56,538 రూపాయలు. 12,500 మీద 50,481. అంటే ఈ ఒక్క ఉత్తరంతో, గడిచిపోయిన ఏడేళ్ళ పని విలువ కూడా ఆరు వేలు తగ్గింది. జీతం పెంచుతూ పాత బాకీని తగ్గించుకోవడం ఇది.

ఇప్పుడు కింద ఉన్న ‘పన్ను వివరణ’ పేరాకి వద్దాం. ఆ ఉత్తరంలో నాకు ఎక్కువ కోపం తెప్పించిన భాగం ఇదే. ‘ఉద్యోగులకు పన్ను ప్రయోజనం కలిగించేందుకు జీతాన్ని వివిధ భత్యాలుగా విభజించడమైనది. ఇంటి అద్దె భత్యం, యూనిఫాం భత్యం నిబంధనలకు లోబడి మినహాయింపు పొందుతాయి. రవాణా, స్పెషల్ అలవెన్సులు పన్ను పరిధిలోకి వస్తాయి’ అని రాశారు. ఇందులో అబద్ధం ఒక్క మాట కూడా లేదు. కానీ ఈ నర్సుకి ఇందులో ఒక్క రూపాయి ప్రయోజనం కూడా లేదు.

ఆమె ఏడాది జీతం మూడు లక్షలు. 2025-26 ఆర్థిక సంవత్సరంలో కొత్త పన్ను విధానంలో మొదటి నాలుగు లక్షల మీద అసలు పన్నే లేదు. ఆ పైన జీతగాళ్ళకి 75,000 స్టాండర్డ్ డిడక్షన్ ఉంది, పన్నెండు లక్షల ఆదాయం వరకూ రిబేటు ఉంది. పాత విధానంలోకి వెళ్ళినా 50,000 స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తే మిగిలేది రెండున్నర లక్షలు, అక్కడా పన్ను సున్నా. ఈ భత్యాలు ఏవీ లేకుండా, 25,000కి 25,000 బేసిక్ అని రాసి ఇచ్చినా ఆమె కట్టాల్సిన పన్ను సున్నానే. మరి ఎవరి పన్ను ప్రయోజనం కోసం ఈ విభజన? ఇంటి అద్దె మినహాయింపు పాత విధానం ఎంచుకుని, పన్ను కట్టేంత జీతం ఉండి, అద్దె రసీదులు చూపించేవాళ్ళకి పనికొస్తుంది. యూనిఫాం భత్యానికి మినహాయింపు కూడా నిజంగా ఖర్చు పెట్టినంత మేరకే, అదీ పాత విధానంలోనే. ఆ ఆసుపత్రిలో పెద్ద డాక్టర్లకి, మేనేజర్లకి తయారుచేసిన నమూనాని నర్సులకి, ఆయాలకి కూడా అంటించారు. పెద్ద జీతాలవాళ్ళ పి.ఎఫ్. ఎలాగూ 15,000 పరిమితి దగ్గర ఆగుతుంది కాబట్టి బేసిక్ తగ్గినా వాళ్ళకి అక్కడ పెద్ద నష్టం లేదు. నష్టమంతా పదిహేను వేల లోపు బేసిక్ ఉన్నవాళ్ళది. ఆసుపత్రుల్లో, చిన్న ఆఫీసుల్లో వాళ్ళు ఎవరో మీకు చెప్పనక్కర్లేదు.

పాత కాలమ్‌లో ఉన్న 1,600, 1,250 అనే అంకెలు గుర్తున్నాయా? అవి ఊరికే వచ్చినవి కాదు. రవాణా భత్యంలో నెలకి 800 దాకా ఉన్న పన్ను మినహాయింపుని 2015 బడ్జెట్లో 1,600 చేశారు. వైద్య బిల్లులకి ఏడాదికి 15,000 దాకా మినహాయింపు ఉండేది, దాన్ని పన్నెండుతో భాగిస్తే 1,250. ఈ రెండు మినహాయింపులూ 2018-19 నుంచి పోయాయి, వాటి బదులు స్టాండర్డ్ డిడక్షన్ వచ్చింది. ఐనా ఏడేళ్ళ పాటు ఆ ఉత్తరాల్లో ఆ వరుసలు అలాగే ఉన్నాయి. కారణం చచ్చిపోయాక కూడా విభజన బతికే ఉంది. అసలు కారణం పన్ను కాదని దీన్ని బట్టే తెలియడం లేదూ? (వికలాంగులైన ఉద్యోగులకి మాత్రం రవాణా భత్యంలో నెలకి 3,200 మినహాయింపు 2025-26లో కొత్త విధానంలో కూడా ఉంది. అంధులకి, బధిరులకి, నడవలేనివాళ్ళకి ఇది వర్తిస్తుంది. మీ సంస్థల్లో అలాంటి సహచరులుంటే చూడండి, చాలాచోట్ల ఎవరూ వాళ్ళకి చెప్పరు.)

ఇంకో భయం కూడా పోవాలి. ‘పన్ను పరిధిలోకి వచ్చే భత్యం’ అనగానే మన స్త్రీలు అది చెడ్డదనుకుంటారు. పన్ను పరిధిలోకి రావడం వేరు, పన్ను కట్టడం వేరు. మూడు లక్షల జీతంలో ప్రతి రూపాయీ పన్ను పరిధిలోకి వచ్చినా కట్టేది ఏమీ ఉండదు. మనం అడగాల్సింది ‘దీని మీద పన్ను ఉందా’ అని కాదు, ‘దీని మీద పి.ఎఫ్. ఉందా, గ్రాట్యుటీ ఉందా, ప్రసూతి సెలవులో ఇది వస్తుందా’ అని.

ప్రసూతి సెలవు దగ్గరికి వచ్చేసరికి అమలు తేదీ అనే చిన్న వరుస చాలా పెద్దదవుతుంది. ఈ నర్సుతో పనిచేసే ఇంకో అమ్మాయి 2025 జూన్ 1 నుంచి ప్రసూతి సెలవులో వెళ్ళింది. అందరికీ జులై 18న ఉత్తరాలు ఇచ్చారు, ఏప్రిల్ 1 నుంచి అమలు, ఏప్రిల్ నుంచి బకాయిలు కూడా ఇచ్చారు. ఈమెకి ఇచ్చిన ఉత్తరంలో మాత్రం అమలు తేదీ డిసెంబరు 1. ఎందుకని అడిగితే, ‘తిరిగి డ్యూటీలో చేరిన రోజు నుంచి’ అన్నారు. అంత మామూలుగా అన్నారు, వాళ్ళకి అందులో తప్పేమీ కనబడలేదు.

లెక్క చూద్దాం. ఏప్రిల్, మే నెలలు ఆమె పని చేసింది, ఆ రెండు నెలలకీ మూడేసి వేల చొప్పున ఆరు వేలు బకాయి రావాలి. అక్కడితో ఐపోలేదు. ప్రసూతి భత్యాన్ని సెలవుకి ముందు మూడు నెలల్లో పని చేసిన రోజులకి ఆమెకి రావాల్సిన జీతం సగటు మీద లెక్కించాలి. చట్టంలో మాట ‘చెల్లించిన’ కాదు, ‘చెల్లించవలసిన’. మార్చిలో 22,000, ఏప్రిల్, మే నెలల్లో సవరించిన 25,000 చొప్పున. నెల సగటు 24,000 అవుతుంది, ఆసుపత్రి వాళ్ళు ఇచ్చింది 22,000 లెక్కన. 26 వారాలంటే ఆరు నెలలు, సుమారు పన్నెండు వేలు. మొత్తం పద్దెనిమిది వేలు, ఒక్క తేదీ మార్చడం వల్ల. ప్రసూతి సెలవులో ఉన్న స్త్రీకి నష్టం కలిగేలా ఉద్యోగ షరతులు మార్చడం చట్టవిరుద్ధమని 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టంలోనే రాశారు. తేదీని వెనక్కి జరపడం కూడా షరతు మార్చడమేనని మనం గట్టిగా అడగాలి. ఆమె తర్వాతి ఇంక్రిమెంటు కూడా ఆ డిసెంబరు నుంచే లెక్క కడతారు, అలా ఒక కాన్పు వల్ల వచ్చిన ఎనిమిది నెలల వెనకబాటు ఆ ఉద్యోగం ఉన్నంత కాలం ఉండిపోతుంది.

ఇక్కడే చాలామందికి ఇంకా తెలియని మార్పు ఒకటి చెప్పాలి. 2025 నవంబరు 21 నుంచి కేంద్ర ప్రభుత్వం నాలుగు లేబర్ కోడ్‌లని అమల్లోకి తెచ్చింది. జీతం అన్న మాటకి అన్నింటిలో దాదాపు ఒకే నిర్వచనం వచ్చింది. జీతం అంటే అన్ని రకాల చెల్లింపులూ, కొన్ని తప్ప. ఆ కొన్నింటిలో ఇంటి అద్దె భత్యం, రవాణా భత్యం, ఉద్యోగ స్వభావాన్ని బట్టి అయ్యే ప్రత్యేక ఖర్చులకిచ్చేవి, ఓవర్‌టైం, ఇంకా అలాంటివి ఉన్నాయి. ఆ మినహాయింపులన్నీ కలిపి మొత్తంలో సగం దాటితే, దాటినంత తిరిగి జీతంలో కలపాలి.

దీన్ని చాలా ఆఫీసుల్లో ‘బేసిక్ యాభై శాతం ఉంటే చాలు’ అని చదువుకుంటున్నారు. మన ఉత్తరంలో 25,000లో 12,500, సరిగ్గా సగం. కోడ్ రాకముందే కోడ్ చూసుకుని కట్టిన గోడ అది. కానీ నిర్వచనంలో అలా లేదు. మినహాయించే పట్టికలో స్పెషల్ అలవెన్స్ అనే పేరే లేదు. కాబట్టి అది జీతమే. అద్దె 5,000, రవాణా 2,000, యూనిఫాం 1,000 తీసేస్తే మిగిలిన 17,000 మొత్తం జీతం అవుతుంది. ఏడేళ్ళ గ్రాట్యుటీని దీని మీద లెక్కిస్తే 68,654 రూపాయలు. గ్రాట్యుటీ విషయంలో ఇది స్త్రీలకి లాభమే, దాన్ని కాదనను.

ప్రసూతి భత్యం విషయంలో మాత్రం కథ అడ్డం తిరిగింది. 1961 చట్టంలో జీతం అంటే డి.ఎ., ఇంటి అద్దె భత్యం సహా ఆమెకి నగదుగా రావాల్సిన భత్యాలన్నీ. అద్దె కూడా కలపాలని చట్టంలోనే పేరు పెట్టి రాశారు. ఆ చట్టం రాసినవాళ్ళకి ఒక సంగతి తెలుసు, బిడ్డ పుట్టిన ఆరు నెలలు ఇంటి ఓనరు అద్దె మానేయడు. కొత్త కోడ్‌లో ప్రసూతి భత్యానికి కూడా అదే ఉమ్మడి నిర్వచనం. అంటే అద్దె, రవాణా పోయాయి. మన నర్సు జీతానికే పోల్చి చూడండి. పాత చట్టం ప్రకారం ఆరు నెలలకి 25,000 చొప్పున లక్షా యాభై వేలు. కోడ్ నిర్వచనాన్ని ఉన్నదున్నట్టు చదివితే 17,000 చొప్పున లక్షా రెండు వేలు. ‘సగం చాలు’ అని యాజమాన్యం చదివితే 12,500 చొప్పున డెబ్భై ఐదు వేలు. స్త్రీ పురుషుల సమాన వేతనం లెక్కించేటప్పుడు అద్దె, రవాణా భత్యాలు కలపాలని వేతనాల కోడ్‌లో ఒక మినహాయింపు రాశారు, మంచిదే. అదే చేత్తో ప్రసూతికి కూడా ఒక వాక్యం రాసి ఉండొచ్చు. రాయలేదు.

చట్టం చెప్పేది కనీసం మాత్రమే. అంతకంటే ఎక్కువ ఇస్తామని నియామక ఉత్తరంలోనో సవరణ ఉత్తరంలోనో రాసుకోవడానికి ఏ అడ్డూ లేదు. ‘ప్రసూతి సెలవులో పూర్తి జీతం, భత్యాలతో సహా చెల్లించబడును’ అన్న ఒక్క వాక్యం అడగండి. ఇప్పుడున్న పరిస్థితిలో ఆ ఒక్క వాక్యం విలువ ఈమెకి నలభై ఎనిమిది వేల రూపాయలు.

మన సంస్థల సంగతి కూడా చెప్పకుండా దిగిపోతే బాగుండదు. స్వచ్ఛంద సంస్థల్లో ఐతే చాలాచోట్ల ఈ వరుసలే ఉండవు. ‘కన్సాలిడేటెడ్’ అని ఒక అంకె, లేదా ‘గౌరవ వేతనం’ అని ఒక అంకె. విడదీయకపోతే అదంతా జీతమే, పి.ఎఫ్. గానీ గ్రాట్యుటీ గానీ మొత్తం మీద రావాలి. ప్రాజెక్టు బడ్జెట్లో ఆ ఖర్చుకి గడి పెట్టకపోవడం దాతల తప్పు కావచ్చు, కానీ బడ్జెట్ రాసి పంపేది మనమే.

ఇక ఆ నర్సులు ఏం చేశారంటే, ముందు ఎవరూ ఉత్తరం వెనక్కి ఇవ్వలేదు, చించలేదు. ప్రతి ఒక్కరూ పాత ఉత్తరం వెతికి తెచ్చుకున్నారు. పాతది లేకపోతే ఈ లెక్కలేవీ చేయలేం, అందుకే జీతం కాగితాలు పారేయొద్దని నేను ఎక్కడికి వెళ్ళినా చెబుతాను. నకలు మీద సంతకం పెట్టేటప్పుడు ‘అందినది, అభ్యంతరాలకు లోబడి’ అని రాశారు. తర్వాత పదకొండు మంది కలిసి ఒక అర్జీ రాశారు. ఒక్కరు రాస్తే షిఫ్టు మారుస్తారని భయం. అందులో ఆరోపణలేవీ లేవు, ప్రశ్నలే ఉన్నాయి. డి.ఎ. ఏ ఉత్తర్వు ప్రకారం తీసేశారు? స్పెషల్ అలవెన్స్ మీద పి.ఎఫ్. ఎందుకు కట్టడం లేదు? సెలవులో ఉన్న ఉద్యోగినికి అమలు తేదీ వేరుగా ఎందుకు ఉంది? కార్మికులకి నష్టం కలిగేలా వేతన షరతులు మార్చాలంటే 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉండేది, కొత్త కోడ్‌లోనూ ఉంది. ఆ నోటీసు ఎప్పుడు ఇచ్చారు? ప్రతి ప్రశ్నకీ రాతపూర్వకంగా జవాబు కావాలన్నారు.

జవాబు రాతపూర్వకంగా రాలేదు. సెప్టెంబరు జీతంలో మాత్రం పి.ఎఫ్. 1,800 పడింది, ఏప్రిల్ నుంచి తేడా కూడా కట్టారు. సెలవులో ఉన్న అమ్మాయికి అమలు తేదీ ఏప్రిల్ 1 అని కొత్త ఉత్తరం ఇంటికి పంపారు, పద్దెనిమిది వేలలో పదిహేను వేల చిల్లర వచ్చింది. మిగిలిన దానికి లెక్క అడుగుతోంది. డి.ఎ. వరుస తిరిగి రాలేదు. గ్రాట్యుటీ 17,000 మీద లెక్కిస్తామని ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. ఎవరైనా ఉద్యోగం మానేసిన రోజున అది తేలుతుంది, అప్పుడు గ్రాట్యుటీ అధికారి ముందు పెట్టడానికి ఈ రెండు కాలమ్‌ల ఉత్తరం జిరాక్సులు పదకొండు మంది దగ్గరా ఉన్నాయి.